రెండు గదుల పని డైరీ: మేస్త్రికి రాసిన ఉత్తరం, తిరిగొచ్చిన లెక్క

జనవరి 18

పండగ వెళ్ళిపోయింది, ఇక పని మొదలుపెట్టాలి. కావలిలో మా ఇల్లు నాన్న కట్టించింది, వెనకాల ఇరవై నాలుగు అడుగుల పొడవున ఖాళీ ఉంది. అక్కడ రెండు గదులు వేద్దామని ఏడాదిగా అనుకుంటున్నాం. నాన్నకి మోకాళ్ళ నొప్పులు, ముందు గదిలో నుంచి బాత్రూమ్‌కి నడవడం కష్టంగా ఉంది కాబట్టి పెద్దది ఆయనకి, రెండోది పాపకి చదువుకోవడానికి.

ఈరోజు మేస్త్రి వచ్చి చూసి వెళ్ళాడు. ఆయన మాకు తెలియని మనిషి కాదు, ఈ ఇల్లు కట్టేటప్పుడు కుర్రాడిగా ఇటుకలు మోశాడు, ఇప్పుడు సొంతంగా కాంట్రాక్టులు చేస్తున్నాడు. నేను అన్నా అంటాను, ఆయన నన్ను అబ్బయ్యా అంటాడు. టేపు పెట్టి కొలిచి, అక్కడే నిలబడి నోటితో లెక్క చెప్పేశాడు: స్లాబు కొలత ఇరవై నాలుగు బై పన్నెండున్నర, అంటే 300 అడుగులు, మూడు చదరాలు, మెటీరియల్‌తో కలిపి అడుగు 1,900, మొత్తం ఐదు లక్షల డెబ్బై వేలు. మెటీరియల్ ఎంత పడుతుందన్నా అని అడిగితే జేబులో ఉన్న సిగరెట్ పెట్టె అట్ట మీద నాలుగు ముక్కలు రాసిచ్చాడు. సిమెంటు 180 బస్తాలు, ఇనుము 1,100 కేజీలు, ఇటుకలు 7,600, గ్రావెల్ ఐదు ట్రిప్పులు, ఇసుకా కంకరా పనిని బట్టి.

ఆ అట్ట ఇంకా నా దగ్గరే ఉంది.

జనవరి 20

రెండు రోజులుగా ఆ నాలుగు అంకెలు చూస్తూనే ఉన్నాను. ఎక్కువో తక్కువో చెప్పడానికి నాకు దారే లేదు. 7,600 ఇటుకలు అంటే ఏ గోడకి ఎన్ని? 180 బస్తాల్లో స్లాబుకి ఎన్ని, పూతకి ఎన్ని? మొత్తం ఒక్కటే ఇస్తే అది నమ్మడమో నమ్మకపోవడమో తప్ప సరిచూసుకునేది ఏమీ ఉండదు. మా వీధిలో పోయినేడు ఒకాయన పైన గది వేయించుకున్నాడు, స్లాబు పడ్డాక ఇటుకలు అయిపోయాయి, ఇంకో రెండు వేలు కావాలన్నారు, ఒప్పందంలో ఎన్ని ఉన్నాయో ఎవరికీ తెలియదు కాబట్టి గొడవ పెద్దల దాకా వెళ్ళింది. మేస్త్రి మోసం చేశాడని నేను అనను, అసలు ఇద్దరి దగ్గరా కాగితమే లేదు.

మా ఆవిడ ఫోన్ చేసి అడగమంది. ఫోన్‌లో అడిగితే ఆయన అలవాటైన మాట చెప్తాడు, నేను సరే అంటాను, అంతే. అందుకని ఉత్తరం రాయాలని నిర్ణయించుకున్నాను. ఒకటి మాత్రం ముందే అనుకున్నాను, ఇందులో రేట్ల మాట ఎత్తకూడదు. రేటు అడిగితే బేరం అనుకుంటాడు, బేరం మొదలైతే లెక్క పక్కకి పోతుంది. ముందు పరిమాణాలు తేలాలి.

జనవరి 22

మూడుసార్లు తిరగరాశాక ఇదిగో ఇలా వచ్చింది. తెల్ల కాగితం మీద చేత్తో రాసి, ఫోటో తీసుకుని, స్వయంగా వెళ్ళి ఇచ్చాను.

"అన్నకి నమస్కారం.

మన ఇంటి వెనక రెండు గదుల పని మీకే ఇవ్వాలని ఇంట్లో అందరం అనుకున్నాం, వేరే ఎవరినీ అడగలేదు. పని మొదలుపెట్టే ముందు నాకు ఒక జాబితా కావాలి. దీనిలో రేట్లు రాయొద్దు, సరుకు ఎంత పడుతుందో మాత్రం రాయండి.

కట్టేది ఇది. పెద్ద గది లోపలి కొలత 12 బై 11 అడుగులు, చిన్నది 9 అడుగుల 9 అంగుళాలు బై 11. ఆరు పిల్లర్లు, మూడు ముందు వరసలో, మూడు పాత గోడ పక్కన. నేల ఇప్పుడున్న ఇంటి నేలకి సమానంగా, అంటే భూమికి రెండడుగుల ఎత్తున. నేల నుంచి స్లాబు అడుగు వరకు పది అడుగులు. గోడలన్నీ తొమ్మిది అంగుళాలవి. బయటికి ఒక తలుపు, రెండు గదుల మధ్య ఒక తలుపు, 4 బై 4 కిటికీలు రెండు. పాత ఇంట్లోకి ఇప్పుడున్న వెనక తలుపే వాడుకుంటాం.

జాబితాలో మొత్తం ఒక్క అంకె కాకుండా, పని వారీగా ఒక్కో వరస రాయండి: పునాది గుంటలు, ఫుటింగులు, పిల్లర్లు, ప్లింత్ బీములు, గ్రావెల్, గోడలు, లింటెల్, పై బీములు, స్లాబు, పూత, నేల. ప్రతి వరసలోనూ ఎన్ని, ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఎంత ఎత్తు, చివర గుణిస్తే వచ్చింది. ఆ నాలుగూ ఉంటే నేను కూడా గుణించి చూసుకోగలను. కాంక్రీటు అయితే ఏ పాళ్ళలో కలుపుతారో, గోడ కట్టుబడికి, పూతకి ఏ పాళ్ళో పక్కన రాయండి, బస్తాలు దాన్ని బట్టే కదా.

ఇనుము కేజీల్లో మొత్తం కాకుండా 8, 10, 12 ఎంఎం విడివిడిగా కావాలి, స్లాబులో కడ్డీకి కడ్డీకి ఎన్ని అంగుళాలో కూడా.

గ్రావెల్, ఇసుక, కంకర ట్రిప్పుల్లో రాయొద్దు, ఘనపు అడుగుల్లో రాయండి. ట్రక్కులన్నీ ఒక కొలత కాదు. ఇటుక ఏ సైజుదో, బూడిద ఇటుకా మట్టి ఇటుకా రాయండి.

వేస్టు కింద ఎంత కలుపుతున్నారో అది లోపల కలిపేయకుండా వేరే వరసలో చూపించండి. మిగిలిన సరుకు ఎవరిదో కూడా ఒక మాట రాయండి.

కరెంటు, నీళ్ళ పైపులు, రంగులు ఇప్పుడు వద్దు, అవి తర్వాత మాట్లాడుకుందాం.

మీ మీద అనుమానంతో అడుగుతున్నది కాదు. మధ్యలో ఏదైనా ఎక్కువ తక్కువైతే మనిద్దరం ఒకే కాగితం చూసి మాట్లాడుకోవచ్చని అడుగుతున్నాను. వారంలో ఇస్తే మాఘమాసంలో ముగ్గు పోసేద్దాం."

జనవరి 25

మేస్త్రికి కోపం వచ్చింది. నాతో అనలేదు, నాన్నతో అన్నాడు. "ఇరవై ఏళ్ళుగా కడతన్నా, ఇట్టాంటి కాగితం ఎవురూ అడగల్యా. ఇటకలు మోసిన పిలకాయని, నన్ను నమ్మకపోతే ఎట్టా?" అన్నాడంట. నాన్న ఏం చెప్పాడో తెలియదు కానీ సాయంత్రం మేస్త్రే ఫోన్ చేసి, వాళ్ళబ్బాయి డిప్లొమా చదువుతున్నాడని, వాడితో రాయించి పంపిస్తానని చెప్పాడు. నాకు మనసు తేలికపడింది. ఆయన బాధపడటం నాకు ఇష్టం లేదు, అలాగని అడగడం మానుకోవడమూ ఇష్టం లేదు.

జనవరి 29

జాబితా వచ్చింది, రెండు పేజీలు, అడిగినట్టే పొడవు వెడల్పులతో సహా. ఆ అబ్బాయి చాలా శ్రద్ధగా రాశాడు. రాత్రి భోజనాలయ్యాక కూర్చుని ఒక్కో వరసా గుణించడం మొదలుపెట్టాను, ఇటుకల దగ్గర ఆగిపోయాను.

గోడల వరసలో ఇలా ఉంది: పెద్ద గది చుట్టుకొలత 46 అడుగులు, చిన్న గది చుట్టుకొలత 41.5 అడుగులు, కలిపి 87.5, ఎత్తు 10, మందం ముప్పావు అడుగు, వెరసి 656 ఘనపు అడుగులు, అడుగుకి పదకొండున్నర చొప్పున 7,600 ఇటుకలు. సిగరెట్ అట్ట మీద ఉన్న 7,600 ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు అర్థమైంది. గుణకారంలో తప్పు లేదు, అడుగుకి పదకొండున్నర కూడా సరైనదే. మా వైపు దొరికే బూడిద ఇటుక 230, 110, 75 మిల్లీమీటర్లు ఉంటుంది, చుట్టూ పది మిల్లీమీటర్ల మాలు కలుపుకుంటే ఘన మీటరుకి 408 పడతాయి, ఘనపు అడుగులోకి తెస్తే పదకొండున్నర. తప్పు చుట్టుకొలతలో ఉంది.

ఒక్కో గదికీ నాలుగు వైపులా కొత్త గోడ లెక్కేశారు. కానీ వెనక వైపు మా పాత ఇంటి గోడ ఉంది, అక్కడ కొత్త గోడ కట్టేది లేదు, అది రెండు గదులకీ కలిపి 21 అడుగుల 9 అంగుళాలు. మధ్య గోడ రెండు గదులదీ ఒకటే, కానీ పెద్ద గదిలో ఒకసారి, చిన్న గదిలో ఒకసారి వచ్చింది, అది 11 అడుగులు. ముందు గోడలో మూడు పిల్లర్లు ఒక్కొక్కటి అడుగు ఆక్రమిస్తాయి. ఇవన్నీ తీసేస్తే కట్టాల్సిన గోడ ముందు 21, అడ్డంగా మూడు పదకొండ్లు 33, మొత్తం 54 అడుగులు. ఎత్తు కూడా పది కాదు. పైన బీము స్లాబు కింద తొమ్మిది అంగుళాలు దిగుతుంది కాబట్టి తొమ్మిదింపావే.

54 ని 9.25 తో, ముప్పావుతో గుణిస్తే 375. అందులో రెండు తలుపులు, రెండు కిటికీలు కలిపి 74 చదరపు అడుగుల ఖాళీ, అంటే 55 ఘనపు అడుగులు పోవాలి. లింటెల్ గోడ పొడవునా అర అడుగు ఎత్తున వస్తుంది, అది కాంక్రీటు, ఇంకో 20 పోవాలి. మిగిలింది 300. మూడున్నర వేల ఇటుకలు చాలు, ఆయన రాసింది దానికి రెట్టింపు కంటే ఎక్కువ.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, టెన్షన్‌తో పాటు కోపం కూడా వచ్చింది.

జనవరి 30

పొద్దున్నే వెళ్ళి అడుగుదామనుకున్నాను కానీ ముందు ఇంకొకరికి చూపించడం మంచిదనిపించింది. నాతో చదువుకున్నవాడి అన్న సివిల్ ఇంజనీరు, ప్లాన్లు గీస్తుంటాడు. ఆయన జాబితా చూసి మొదట నన్నే రెండు ప్రశ్నలు అడిగాడు.

పిట్టగోడ ఎక్కడ? అన్నాడు. స్లాబు మీద మూడు వైపులా మూడడుగుల పిట్టగోడ కడతారు కదా, 49 అడుగుల పొడవు, నాలుగున్నర అంగుళాల మందం, అది 55 ఘనపు అడుగులు. నేను రాసిన ఉత్తరంలో లేదు, మేస్త్రి జాబితాలో లేదు. రెండోది, నేల మట్టంలో పోసే ప్లింత్ బీము కింద ఏముంది? నేల భూమికి రెండడుగుల ఎత్తు, బీము ఒక అడుగు, దాని కింద ఖాళీ వదిలేస్తే లోపల పోసిన గ్రావెల్ వానలకి బయటికి జారిపోతుంది. మూడు బయటి వైపులా భూమిలోకి ఒక అడుగు దిగేలా తొమ్మిదంగుళాల గోడ కట్టాలి, అది 43 అడుగుల పొడవు, రెండడుగుల ఎత్తు, 65 ఘనపు అడుగులు. ఇది కూడా ఎవరి కాగితంలోనూ లేదు.

మూడూ కలిపితే 420 ఘనపు అడుగులు, 4,830 ఇటుకలు, విరిగేవాటికి నూటికి ఐదు కలిపితే 5,070. మేం 5,100 అని రాసుకున్నాం. అంటే 7,600లో నిజంగా ఎక్కువైంది 2,500. రాత్రి నేను అనుకున్న నాలుగు వేలు కాదు. అలా వెళ్ళి మాట్లాడి ఉంటే పిట్టగోడ దగ్గర నేనే ఇరుక్కునేవాణ్ణి.

పూతలోనూ నేను తప్పు చేశాను. తలుపులు కిటికీల ఖాళీని గోడకి రెండు వైపులా తీసేశాను. ఇంజనీరు ఒప్పుకోలేదు. కొలతలకి ఐఎస్ 1200 అని ప్రమాణం ఉంది, దాని ప్రకారం అర చదరపు మీటరు నుంచి మూడు చదరపు మీటర్ల లోపు ఉన్న ఖాళీలకి ఒక వైపే తీసేయాలి, రెండో వైపు తీయకుండా వదిలేది చుట్టూ ఉన్న అంచుల పూతకి సరిపోతుంది. మా తలుపు 21 చదరపు అడుగులు, కిటికీ 16, రెండూ ఆ లెక్కలోకే వస్తాయి. ఆ వరసలో మేస్త్రి కొడుకు రాసిందే సరైనది.

ఇనుములో స్లాబు వరస దాదాపు సరిపోయింది. ఇంజనీరు తన ముందే నాతో ఆ లెక్క వేయించాడు, అది ఇక్కడ రాసి పెడుతున్నాను. 8 ఎంఎం కడ్డీలు రెండు వైపులా ఆరంగుళాల ఎడంతో అని జాబితాలో ఉంది. 24 అడుగుల పొడవున ఆరంగుళాలకి ఒకటి చొప్పున 49 కడ్డీలు, ఒక్కొక్కటి వంపులతో 13 అడుగులు. అడ్డంగా 26 కడ్డీలు, ఒక్కొక్కటి 24.5 అడుగులు. రెండూ 637 అడుగులే, కలిపి 1,274 అడుగులు, 388 మీటర్లు. మీటరు బరువుకి సూత్రం ఇది:

```
d × d / 162   (d మిల్లీమీటర్లలో, జవాబు కేజీల్లో)
8 × 8 / 162 = 0.395
388 × 0.395 = 153
```

బీముల మీద పైన వేసే అదనపు కడ్డీలతో 185 దాకా వస్తుంది, జాబితాలో 190 ఉంది. మిగతావన్నీ కూడా కలిపితే మొత్తం 950 వచ్చింది, మేస్త్రి 1,100 రాశాడు. ఎక్కువ ఎక్కడుందో వెతుకుతుంటే ఇంజనీరు ఫుటింగుల వరస దగ్గర ఆగాడు. దీని గురించి విడిగా రాయాలి.

జనవరి 31

ఫుటింగులు అంటే పిల్లర్ల కింద భూమిలో పోసే కాంక్రీటు దిమ్మెలు. ఆ వరసలో ఉన్నది: 6, పొడవు 4, వెడల్పు 4, ఎత్తు 1, వెరసి 96 ఘనపు అడుగులు. గుణకారం సరిగ్గానే ఉంది. కానీ ఆరూ ఒకటే సైజు అని రాసి ఉండటం చూసి ఇంజనీరుకి అనుమానం వచ్చింది. ముందు వరసలో మూడు పిల్లర్లకి నాలుగు వైపులా చోటుంది. పాత గోడ పక్కన నిలబెట్టే మూడింటికి ఫుటింగు మధ్యలో పిల్లరు రావాలంటే, ఒక వైపు ఒకటిన్నర అడుగు పైగా పాత గోడ కిందికి వెళ్ళాలి. అక్కడ పాత రాతి పునాది ఉంది, అది గోడ కంటే బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది కూడా. అంటే కాగితం మీద ఉన్న ఫుటింగు భూమిలో పట్టదు.

అప్పుడు సైటులో ఏం చేస్తారో ఆయన చెప్పాడు: గుంట తవ్వాక పాత పునాది అడ్డం వస్తుంది, మేస్త్రి ఫుటింగుని గది వైపుకి జరుపుతాడు, పిల్లరు మాత్రం గోడ పక్కనే అంచు మీద నిలబడుతుంది. బరువు ఒక అంచు మీద పడితే ఫుటింగు ఆ వైపుకి ఒరుగుతుంది, కొన్నాళ్ళకి కొత్త గదికీ పాత ఇంటికీ మధ్య పగులు తేలుతుంది. మాది నల్లమట్టి, వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం బీటలు వారుతుంది, కాబట్టి ఇక్కడ ఇంకా ముందే తేలుతుంది. దానికి మందు, అంచు ఫుటింగులని ముందు వరస ఫుటింగులతో కలుపుతూ భూమిలో మూడు బీములు వేయడం. వాటిని స్ట్రాప్ బీములు అంటారు. ఒరగబోయే ఫుటింగుని ఎదుటి పిల్లరు బరువు పట్టి ఆపుతుంది. ఆయన కొలతలు గీసిచ్చాడు, కాంక్రీటు 30 ఘనపు అడుగులు, ఇనుము 90 కేజీలు పెరిగింది. దాంతో ఇనుము 1,040 అయింది, మేస్త్రి రాసిన 1,100కి దగ్గరికి వచ్చేసింది.

నేను ఇటుకల కోసం అడిగిన జాబితా ఇది. "6" అని ఒక గడిలో రాయించకపోతే ఈ సంగతి గుంటలు తవ్వాక గానీ, ఇల్లు బీటలు వారాక గానీ నాకు తెలిసేది కాదు.

ఫిబ్రవరి 2

మేస్త్రి ఇంటికి వెళ్ళాను. వాళ్ళబ్బాయి కూడా ఉన్నాడు. మొదట పిట్టగోడా, బీము కింద గోడా మర్చిపోయామన్నా, కలుపుదాం అన్నాను. ఆయనకి రావలసినవే ముందు చెప్పాను కాబట్టి ఆయన ముఖం మారింది. తర్వాత పాత గోడ సంగతి చెప్తే అబ్బాయి వెంటనే తల పట్టుకున్నాడు, "అవును నాన్నా, ఎనక గోడ కూడా ఏసినాను" అన్నాడు. గది చుట్టుకొలత పట్టి ఇటుకలు లెక్కేయడం వీళ్ళకి అలవాటు, ఖాళీ స్థలంలో కొత్త ఇల్లు కడితే మధ్య గోడ దగ్గర తప్ప పెద్ద తేడా రాదు. పాత ఇంటికి ఆనించి కట్టేటప్పుడే ఈ అలవాటు దెబ్బ కొడుతుంది.

స్ట్రాప్ బీముల బొమ్మ చూసి మేస్త్రి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, గుంటలు మూడూ ఒకేసారి తవ్వను అబ్బయ్యా, ఒకటి తవ్వి ఫుటింగు పోసి పూడ్చినాక ఇంకోటి తవ్వతా, లేకపోతే పాత గోడ కింద మట్టి జారద్ది అన్నాడు. ఈ మాట నాకు తట్టలేదు, ఇంజనీరూ చెప్పలేదు. జాబితా వెనక పేజీలో అది కూడా రాసి ఇద్దరం సంతకాలు పెట్టాం.

డబ్బు సంగతి: ఇటుకలు ఒక్కొక్కటి ఎనిమిది రూపాయల లెక్కన 20,000 తగ్గాయి, స్ట్రాప్ బీములకి 15,000 పెరిగింది. ఐదు లక్షల అరవై ఐదు వేలకి ఖాయం చేసుకున్నాం. జాబితా దాటి ఏదైనా కావాలంటే తెప్పించే ముందు నాకు చెప్పాలి, మిగిలిన సరుకు నాది.

ఫిబ్రవరి 21

ఫుటింగులు అయ్యాయి, ఆరో గుంట నిన్న పూడ్చారు. ఈరోజు గ్రావెల్. జాబితాలో లోపలి నేల 239 చదరపు అడుగులు, పోయాల్సిన ఎత్తు అడుగున్నర, దిమ్మిస కొడితే దిగుతుంది కాబట్టి నాలుగో వంతు కలిపి 450 ఘనపు అడుగులు. గుంటల్లో తవ్విన నల్లమట్టి లోపల పోయొద్దని ముందే అనుకున్నాం, అది బయట దిబ్బగా ఉంది.

మొదటి ట్రాక్టరు రాగానే ట్రక్కు లోపల టేపు పెట్టాను. తొమ్మిదిన్నర పొడవు, ఐదున్నర వెడల్పు, ఒకటిన్నర ఎత్తు. 78 ఘనపు అడుగులు. ట్రిప్పంటే వంద అని అందరూ అనుకునే లెక్కలో ఐదు ట్రిప్పులు చాలు, ఈ ట్రక్కుతో ఆరు కావాలి. డ్రైవరుకి నచ్చలేదు కానీ మేస్త్రి నా వైపే మాట్లాడాడు, ఆ ఆరో ట్రిప్పు డబ్బులు ఆయన చేతి నుంచే పోయేవి మరి. చివరికి ట్రిప్పుకి కాకుండా కొలతకి లెక్క కట్టారు.

మార్చి 14

గోడలు లింటెల్ దాకా వచ్చాయి. ఇటుకలు ఇప్పటికి 3,500 వచ్చాయి, బీము కింద గోడతో కలిపి. లెక్క సరిగ్గానే నడుస్తోంది. ఇనుము కాటా చీటీతో వచ్చింది, అయినా 8 ఎంఎం కడ్డీలు లెక్కపెట్టాను. పన్నెండు మీటర్ల కడ్డీ ఒకటి 4.74 కేజీలు తూగాలి, పది కలిపి తూయిస్తే 47 వచ్చింది.

ఏప్రిల్ 6

ఈరోజు స్లాబు. తెల్లవారుజామున నాలుగింటికే మిల్లరు వచ్చింది, ఎండ ముదరకముందే సగమైనా అయిపోవాలని. నేను చేసింది రెండే పనులు. ఒకటి, పోసేచోటల్లా ఐదంగుళాల దగ్గర గీత పెట్టిన కడ్డీ ముక్క గుచ్చి మందం చూడటం. మూలల్లో సరిగ్గా ఉంది, మధ్యలో రెండు చోట్ల నాలుగున్నరే ఉంది, చెప్పగానే సరిచేశారు. రెండోది, ఖాళీ సంచులు.

జాబితాలో స్లాబు 125 ఘనపు అడుగులు, దాంతో పాటే పోసే పై బీములు 46, కలిపి 171. కలిపే పాళ్ళు ఒకటి, ఒకటిన్నర, మూడు. ఆ పాళ్ళలో స్లాబు వరకు 28 బస్తాలు, బీములతో 39 రావాలి. సంచులు తక్కువ వస్తే ఇసుక ఎక్కువ కలిపినట్టు, బాగా ఎక్కువ వస్తే మందం పెరిగిందో, సెంట్రింగు సందుల్లోంచి సిమెంటు పాలు కారిపోయాయో అని ఇంజనీరు చెప్పాడు. మధ్యాహ్నం పన్నెండున్నరకి అయిపోయింది. మెట్ల కింద కుప్ప వేయించి పాపా నేనూ లెక్కపెట్టాం, 41 ఉన్నాయి. మేస్త్రి కూడా వచ్చి నిలబడ్డాడు. రెండు ఎక్కువెట్టా అని ఆయనే అడిగి, ఆయనే జవాబు చెప్పాడు, పడమటి సగమంతా సెంట్రింగు రేకులు కొంచెం దిగాయి, అక్కడ ముప్పావు అంగుళం ఎక్కువ పట్టింది అని. వెళ్ళి కింద నుంచి చూస్తే నిజమే, ఆ వైపు పొట్ట కనిపిస్తోంది. పూతలో సరిచేస్తానన్నాడు, ఆ రెండు బస్తాలు తన లెక్కలో వేసుకుంటానన్నాడు.

ఏప్రిల్ 7

పొద్దున స్లాబు మీద మట్టి గట్లు కట్టి నీళ్ళు నింపారు. నాన్న కుర్చీ వేయించుకుని కింద కూర్చుని పైకి చూస్తున్నాడు. మేస్త్రి కొడుకు జాబితా తీసుకెళ్ళాడు, వాళ్ళ నాన్నకి తుమ్మలపెంటలో ఇంకో పని వచ్చిందంట, అది కూడా పాత ఇంటి పక్కన గదే, ఇదే పద్ధతిలో రాస్తానని. ఈసారి పిట్టగోడ మొదటి పేజీలోనే రాసుకోమన్నాను.

నా దగ్గర మిగిలిన వరసలు పిట్టగోడ, పూత, నేల. పూత ఇసుక వచ్చే వారం తెప్పించాలి, అది తడిగా వస్తే ఉబ్బి కొలత ఎక్కువ చూపిస్తుంది కాబట్టి రెండు రోజులు ఆరనిచ్చి కొలుద్దామని మేస్త్రి అన్నాడు.